కమిషనా, కుర్చీ కిరాయా: సెలూన్‌లో సొంతంగా చేసే స్టైలిస్టు ఏ లెక్క చూసుకోవాలి

హన్మకొండలో నక్కలగుట్ట, సుబేదారి, నయీంనగర్ వైపు సెలూన్లలో పని కోసం తిరిగితే ఇప్పుడు జీతం మాట కన్నా ముందు వినపడే ప్రశ్న ఇది: "పర్సంటేజీ మీద చేస్తవా, కుర్చీ కిరాయికి తీసుకుంటవా?" చేతిలో పని ఉండి, కొంచెం పేరు వచ్చి, ఒకరి కింద జీతానికి ఉండటం ఇష్టంలేని వాళ్లకి ఈ రెండే దారులు. సొంత షాపు పెట్టాలంటే షట్టర్ అడ్వాన్సు, ఇంటీరియరు, ఏసీలు, అప్పు, అదంతా వేరే కథ.

కమిషన్ అంటే మీరు చేసిన పనికి వచ్చిన డబ్బులో మీకో వాటా. మెటీరియల్, కరెంటు, రిసెప్షన్, గిరాకీ తెచ్చే బాధ్యత సెలూన్‌ది. కుర్చీ కిరాయి అంటే నెలకో రోజుకో ఇంత అని ఓనర్‌కి కట్టి, వచ్చిందంతా మీరే తీసుకోవడం. మెటీరియల్ మీది, గిరాకీ మీది, నష్టం కూడా మీదే. వినడానికి ఇంతే. ఈ మధ్య నన్ను అడిగిన వాళ్లలో ఎక్కువమంది మాత్రం "నలభై ఇస్తమంటున్నరు, ఇంకో చోట యాభై ఇస్తరంట, ఏది మంచిది?" అని పర్సంటేజీ దగ్గరే ఆగిపోతున్నారు. ఆ అంకె ఒక్కటే చూస్తే ఏమీ తెలియదు.

యాభై అంటే దేనిలో యాభై

ముందు కమిషన్ సంగతి. స్మూతెనింగ్ ఒకటి తీసుకుందాం. రేటు కార్డు మీద 4,500 ఉంది. సెలూన్ వాళ్లు ఇరవై శాతం ఆఫర్ పెట్టారు, కస్టమర్ కట్టింది 3,600. ఆ 3,600లో జీఎస్టీ కలిసే ఉంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి సెలూన్ పని మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గింది కాబట్టి, అది తీసేస్తే దాదాపు 3,430 మిగులుతుంది. ఇప్పుడు ఓనర్ "మెటీరియల్ పోను మిగిలిన దాంట్లో సగం" అంటాడు. మెటీరియల్‌కి 900 కోత పడింది, 2,530 మిగిలింది, దాంట్లో మీ సగం 1,265. కస్టమర్ కట్టిన డబ్బుతో పోలిస్తే అది 35 శాతం, రేటు కార్డుతో పోలిస్తే 28. చెప్పింది యాభై.

అదే పనికి పక్క సెలూన్‌లో మెటీరియల్ కోత లేకుండా నలభై శాతం ఇస్తే 1,370 వస్తుంది. అంటే నలభై ఇచ్చిన చోటే వంద రూపాయలు ఎక్కువ. కానీ 400 రూపాయల హెయిర్‌కట్‌కి ఇది తిరగబడుతుంది, ఎందుకంటే కటింగ్‌లో మెటీరియల్ దాదాపు ఏమీ ఉండదు. కాబట్టి మీరు ఎక్కువ కట్లే చేసే మనిషైతే కోతతో కూడిన యాభై నయం, కలర్లూ స్మూతెనింగ్‌లూ చేసే మనిషైతే కోత లేని నలభై నయం. ఏ పని ఎక్కువ చేస్తున్నారో మీకే తెలియాలి, అది ఓనర్‌ని అడిగేది కాదు.

కోత ఏ ధరకి వేస్తున్నారన్నది కూడా అడగాలి. డిస్ట్రిబ్యూటర్ దగ్గర సెలూన్‌కి డబ్బా ఒక ధరకి వస్తుంది, మీ లెక్కలో మాత్రం ఎమ్మార్పీ రాస్తారు. ఆ తేడా ఎవరి జేబులోకి పోతుందో చెప్పక్కర్లేదు. జీఎస్టీ 5 శాతానికి మారాక ఓనర్లు కొన్న సరుకు మీద కట్టిన పన్నుని వెనక్కి తీసుకోలేరు, అది వాళ్లకి ఖర్చే, అందుకని మెటీరియల్ దగ్గర ఇదివరకటికన్నా గట్టిగా ఉంటున్నారు. వాళ్ల బాధ వాళ్లది. మీరు అడగాల్సింది మాత్రం బిల్లు ధర, ఎమ్మార్పీ కాదు.

ఇంకా రెండు ప్రశ్నలు. ఆఫర్ పెడితే ఆ తగ్గింపు ఎవరి వాటాలోంచి పోతుంది? ఓనర్ సొంతంగా పెట్టిన ఆఫర్‌కి మీ వాటా అసలు రేటు మీదే రావాలని అడగండి, సగంమంది ఒప్పుకుంటారు. మెంబర్‌షిప్ ప్యాకేజీ మీద వచ్చిన కస్టమర్ ఆ రోజు డబ్బులేమీ కట్టడు, ఆర్నెల్ల కింద ఒకేసారి కట్టి ఉంటాడు. ఆ పనికి మీకెంత రాస్తారు? దీని మీద ముందే మాట అనుకోకపోతే పదో తారీఖున సెటిల్‌మెంట్ రోజు గొడవ ఖాయం.

కిరాయిలో ఏమొస్తుంది, ఏం రాదు

కుర్చీ కిరాయి చూడటానికి సాఫీగా ఉంటుంది, పదహారు వేలు కట్టు, నీ పని నువ్వు చేసుకో అంటారు. ఓనర్‌కి జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే ఆ కిరాయి మీద 18 శాతం పడుతుంది. పదహారు వేలకి 2,880. ఆ పదహారులో కలిసి ఉందా, పైన కట్టాలా అన్నది మొదటి రోజే అడగండి. మీకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ అవసరం రాదు, ఏడాదికి మీ మొత్తం పని 20 లక్షలు దాటేదాకా ఆ టెన్షన్ లేదు, కానీ కట్టిన 18 శాతం కూడా వెనక్కి రాదు.

తర్వాత బేసిన్. కుర్చీ అంటే అద్దం, కుర్చీ, ట్రాలీ అనుకుంటాం. హెయిర్ వాష్ చేసే బేసిన్ మూడు కుర్చీలకి ఒకటే ఉంటే శనివారం సాయంత్రం మీ కస్టమర్ తల మీద కలర్ పెట్టుకుని కూర్చుని ఉంటే ముందు ఎవరు కడగాలి? కమిషన్ మీద ఉన్న స్టాఫ్ కస్టమర్‌కే ఓనర్ ముందు పని చేయిస్తాడు, అది మానవ సహజం. కలర్‌కి, స్మూతెనింగ్ క్రీముకి టైము ముఖ్యం కాబట్టి "కెమికల్ పని ఉన్న కస్టమర్‌కి బేసిన్ ముందు" అని ఒక మాట ఒప్పందంలో రాయించుకోవడం మంచిది. నవ్వుతారు, అయినా రాయించుకోండి.

కరెంటు కూడా చూడండి. హెయిర్ డ్రయ్యర్ ఒక్కటే 1,500 నుంచి 2,000 వాట్లు లాగుతుంది, సెలూన్‌లో ఉండే మామూలు ఇన్వర్టర్ మీద లైట్లు ఫ్యాన్లు తిరుగుతాయి కానీ డ్రయ్యర్ నడవదు. ఎండాకాలంలో గాలిదుమారం వచ్చి కరెంటు పోయినప్పుడు మొదటి క్రీము కడిగేసి జుట్టు ఆరబెట్టే దగ్గర ఆగిపోతే ఆ కస్టమర్ తడి తలతో అట్లా కూర్చోవాల్సిందే. కమిషన్‌లో అయితే ఆమె ఓనర్‌తో మాట్లాడుకుంటుంది. కిరాయిలో అయితే మీతోనే. జనరేటర్ ఉందా, డీజిల్ ఎవరు పోస్తారు, కరెంటు బిల్లు కిరాయిలోదేనా లేక కుర్చీల లెక్కన పంచుతారా అన్నవి అడిగి, వీలైతే పోయిన ఏప్రిల్, మే నెలల బిల్లు చూపించమనండి, ఏసీ నడిచే నెలల బిల్లే అసలు బిల్లు.

హెల్పర్ సంగతి చాలామంది మర్చిపోతారు. స్మూతెనింగ్‌కి ఒక్కరే చేస్తే నాలుగు గంటలు పట్టేది ఇద్దరైతే రెండున్నరలో అయిపోతుంది. సెలూన్ హెల్పర్ పిల్లవాడు మీకు చెయ్యి సాయం చేస్తే వాడికి మీరు ఎంతో కొంత ఇవ్వాలి, ఇవ్వకపోతే రెండోసారి పిలిస్తే రాడు. తువ్వాళ్లు, కేప్‌లు, ఉతుకు, కత్తెర సానబెట్టడం, స్ట్రెయిట్‌నర్ ప్లేట్లు అరిగిపోవడం, ఇవన్నీ కలిపితే నెలకి నాలుగైదు వేలు దాటుతుంది.

ఒక నెల లెక్క

ఇప్పుడు రెండూ పక్కపక్కన పెడదాం. హన్మకొండలో ఓ మోస్తరు యూనిసెక్స్ సెలూన్, ఐదారేళ్ల అనుభవం ఉన్న అమ్మాయి. రేట్లు ఒక్కో చోట ఒక్కోలా ఉంటాయి కాబట్టి ఇవి ఉదాహరణకి పెట్టుకున్న అంకెలు, మీ అంకెలు పెట్టుకుని మళ్లీ వేసుకోండి.

బాగున్న నెలలో ఆమె చేసింది 350 చొప్పున 60 హెయిర్‌కట్లు, 1,500 చొప్పున 14 కలర్లు, 4,000 చొప్పున 6 స్మూతెనింగ్‌లు, 800 చొప్పున 15 హెయిర్ స్పాలు. అన్నీ కలిపి 78,000 రూపాయల పని. మెటీరియల్ ఒక్కో కట్‌కి 15, కలర్‌కి 400, స్మూతెనింగ్‌కి 1,000, స్పాకి 150 అనుకుంటే మొత్తం 14,750 అవుతుంది, అంటే పనిలో దాదాపు 19 శాతం.

కోత లేని నలభై శాతం కమిషన్‌లో ఆమెకి 31,200 వస్తుంది.

కుర్చీ కిరాయిలో అయితే 78,000లోంచి మెటీరియల్ 14,750 తీసేయాలి. కిరాయి 16,000, హెల్పర్‌కి 3,000, ఉతుకు, పనిముట్ల అరుగుదల కలిపి 2,000, అంటే నెలకి కట్టి తీరాల్సినవి 21,000. అది కూడా పోతే 42,250 మిగులుతుంది. కమిషన్ కన్నా పదకొండు వేలు ఎక్కువ. ఈ లెక్క చూపించే ఓనర్లు "చూడు అక్కా, నీకే లాభం" అంటారు. లెక్క తప్పేం కాదు. కానీ దీంట్లో ఒక మాట చెప్పకుండా వదిలేశారు: ఆ 78,000 పని మొత్తం కుర్చీ కిరాయికి మారాక కూడా ఆమె దగ్గరికే వస్తుందని అనుకున్నారు.

రాదు. రోడ్డు మీద బోర్డు చూసి లోపలికి వచ్చినవాళ్లని, రిసెప్షన్‌కి ఫోన్ చేసినవాళ్లని, ఇన్‌స్టాలో సెలూన్ పేజీ చూసి వచ్చినవాళ్లని ఓనర్ తన స్టాఫ్‌కే ఇస్తాడు. ఇవ్వాలి కూడా, వాళ్ల పని మీద అతనికి అరవై శాతం వస్తుంది, మీ పని మీద పైసా రాదు. కిరాయి అప్పటికే తీసుకున్నాడు కదా.

ఆమె పనిలో సగం కన్నా కాస్త ఎక్కువ, 43,000 దాకా మాత్రమే ఆమె సొంత గిరాకీ అనుకోండి. మెటీరియల్ ఎనిమిది వేలు, కట్టి తీరాల్సినవి 21,000 పోతే చేతికి వచ్చేది పద్నాలుగు వేలు. ముప్పై ఒక్క వేలు వచ్చే చోటు వదిలి పద్నాలుగు వేలకి వచ్చినట్టు.

మరి ఎంత ఉంటే సరిపోతుంది? కమిషన్‌లో వచ్చే 31,200కి, కట్టి తీరాల్సిన 21,000 కలిపితే 52,200. మెటీరియల్ పోను ప్రతి వంద రూపాయల పనిలో ఆమెకి 81 మిగులుతాయి కాబట్టి 52,200ని 0.81తో భాగించండి. దాదాపు 64,500. అంటే ఇప్పుడు చేస్తున్న 78,000లో కనీసం 64,500, వందకి 83 వంతులు ఆమె వెంట వచ్చే గిరాకీ అయితేనే కుర్చీ కిరాయి కమిషన్‌తో సమానం అవుతుంది. ఇందులో ఓనర్ వేసే జీఎస్టీ కలపలేదు, అది పైన పడితే ఇంకా ఎక్కువ కావాలి. ఈ ఒక్క అంకె తెలియకుండా ఎవరూ కుర్చీ తీసుకోకూడదని నా గట్టి అభిప్రాయం.

గిరాకీ ఎవరిది

"నా కస్టమర్లు నన్ను వదిలి పోరు" అని అందరూ అనుకుంటారు. అనుకోవడం కాదు, రాసిపెట్టుకోవాలి. చిన్న నోటుబుక్కులో రోజూ చేసిన ప్రతి పని పక్కన మూడు గుర్తుల్లో ఒకటి వేయండి: మీ పేరు అడిగి గానీ మీ ఫోన్‌కి చేసి గానీ వచ్చినవాళ్లకి ఒక గుర్తు, బోర్డు చూసో రిసెప్షన్ ద్వారానో వచ్చినవాళ్లకి ఒకటి, ఓనర్ పాత పరిచయస్తులకి ఒకటి. మూడు నెలలు రాయాలి, ఒక్క నెలది నమ్మకూడదు, ఎందుకో కింద చెప్తాను. మొదటి గుర్తు ఉన్న పని విలువ ఎంతో కూడితే అదే మీ అసలు అంకె.

ఇది చేసేటప్పుడు ఒక జాగ్రత్త. మన దగ్గర నిట్, కాకతీయ యూనివర్సిటీ, కేఎంసీ పిల్లలు సెలూన్లకి పెద్ద గిరాకీ. నాలుగు సార్లు మీ పేరు అడిగి వచ్చిన పిల్లాడు కూడా సెలవులకి ఊరికి పోతాడు, చదువైపోతే తిరిగి రాడు, ఇంకో సెలూన్ హాస్టల్‌కి దగ్గర పెడితే అటు పోతాడు. వాళ్లని సొంత గిరాకీలో సగమే లెక్కేసుకోండి. బ్యాంకుల్లో, స్కూళ్లలో పనిచేసే ఆడవాళ్లు, ఆరువారాలకోసారి కుదుళ్ల దగ్గర తెల్లజుట్టుకి కలర్ వేయించుకునేవాళ్లు, వాళ్లే నిలిచే గిరాకీ. అలాంటివాళ్లు నలభై మంది ఉంటే కుర్చీ కిరాయి ధైర్యంగా మాట్లాడొచ్చు.

కమిషన్ మీద చేరేటప్పుడు కొందరు ఓనర్లు ఒక కాగితం మీద సంతకం పెట్టించుకుంటారు, మానేశాక రెండేళ్ల దాకా మూడు కిలోమీటర్లలో ఎక్కడా పని చేయకూడదని. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ప్రకారం మనిషి తన వృత్తి చేసుకోకుండా ఆపే ఒప్పందం చెల్లదు, కాబట్టి మానేశాక పక్క వీధిలో కుర్చీ తీసుకున్నారని మిమ్మల్ని ఆపడం కష్టం. కానీ సెలూన్ సాఫ్ట్‌వేర్‌లోంచి కస్టమర్ల నంబర్లన్నీ ఎక్కించుకుని వెళ్లడం వేరే సంగతి, అది చేయొద్దు. మీ పేరు అడిగి వచ్చిన మనిషి తానే నంబర్ ఇస్తే అది మీది.

ఆషాఢం

మూడు నెలలు రాయమన్నది ఇందుకే. మన పని పెళ్లిళ్ల మీద, పండగల మీద తిరుగుతుంది. శ్రావణంలో, బతుకమ్మ ముందు వారంలో, మాఘంలో కుర్చీ ఖాళీ ఉండదు. ఆషాఢం, భాద్రపదం, పుష్యం వస్తే మధ్యాహ్నం పూట అద్దాలు తుడుచుకుంటూ కూర్చోవాలి. 2026లో అయితే అధిక జ్యేష్ఠం ఒకటి అదనం, మే నడుమ నుంచి జూన్ నడుమ దాకా ముహూర్తాలు లేవు, మామూలుగా ఆ రోజులు మనకి మంచి సీజన్. మేడారం జాతర ఏడాదైతే ఆ వారం హన్మకొండలో సగం ఇళ్లకి తాళాలే. వీటికి తోడు మంగళవారాలు, కటింగ్‌కి ఎవరూ రారు, చాలా షాపులకి సెలవే. నెల కిరాయి మాత్రం మంగళవారాలు చూసి తగ్గదు.

పైన చెప్పిన అమ్మాయికే ఆషాఢం లెక్క వేద్దాం. 40 కట్లు, 6 కలర్లు, 2 స్మూతెనింగ్‌లు, 6 స్పాలు, మొత్తం 35,800. కమిషన్‌లో 14,320 వస్తుంది. కుర్చీలో మెటీరియల్ 5,900, కట్టి తీరాల్సినవి 21,000 పోతే 8,900. ఈ పని మొత్తం ఆమె సొంత గిరాకీయే అనుకున్నా ఇంతే. సొంతం కానిది తీసేస్తే జేబులోంచి కిరాయి కట్టాల్సి వస్తుంది.

అందుకే నేను ఎవరికైనా చెప్పేది, బాగున్న నెల చూసి కుర్చీ తీసుకోవద్దు, చెడ్డ నెల చూసి తీసుకోండి. చెడ్డ నెలలో సొంత గిరాకీతో కట్టి తీరాల్సినవి పోను ఇంటి ఖర్చులో సగమైనా వస్తే చాలు, మిగతా సగం మంచి నెలల్లో పక్కన పెట్టొచ్చు. అది కూడా రాకపోతే ఇంకో ఏడాది కమిషన్ మీదే ఉండి నోటుబుక్కు నింపండి.

మధ్య దారి, పెళ్లి పని

ఈ రెంటికీ మధ్య ఇంకో పద్ధతి ఉంది, అడిగితే తప్ప ఓనర్లు చెప్పరు. కిరాయి తక్కువ, దానిమీద చిన్న వాటా. ఉదాహరణకి నెలకి 6,000, చేసిన పనిలో 15 శాతం, మెటీరియల్ మీది. పైన చెప్పిన మంచి నెలలో ఇది 17,700 అవుతుంది, పదహారు వేల కన్నా కొంచెం ఎక్కువ. ఆషాఢంలో 11,370 మాత్రమే. మంచి నెలలో పదిహేడు వందలు ఎక్కువ ఇచ్చి, చెడ్డ నెలలో నాలుగున్నర వేలు తక్కువ కడుతున్నారు. ఇంకో లాభం, మీ పని మీద ఓనర్‌కి వాటా ఉంది కాబట్టి బోర్డు చూసి వచ్చినవాళ్లలో కొందరిని మీకూ పంపిస్తాడు. మొదటిసారి కమిషన్ వదిలేవాళ్లకి ఇదే నయమనుకుంటాను.

పెళ్లి మేకప్ మీదే బతికేవాళ్ల లెక్క పూర్తిగా వేరు. పెళ్లికూతురి పని ఇంట్లోనో ఫంక్షన్ హాల్లోనో తెల్లవారుజామున జరుగుతుంది, ఆ రోజు సెలూన్ కుర్చీ ఖాళీగా ఉంటుంది, కిరాయి పడుతూనే ఉంటుంది. ట్రయల్‌కి, పెళ్లికి ముందు ఫేషియల్‌కి, కలర్‌కి మాత్రమే మీకు చోటు కావాలి. నెల కిరాయి వద్దు, రోజు కిరాయి మాట్లాడండి, శుక్ర శని ఆదివారాలకి. కమిషన్ సెలూన్‌లో ఉంటే బయట పెళ్లి పనిలో వాళ్లకి వాటా ఉందా లేదా అన్నది చేరినరోజే తేల్చుకోవాలి. పెళ్లివాళ్లు సెలూన్ ద్వారా వస్తే ఇవ్వడం న్యాయం, మీ మేనత్త కూతురి పెళ్లికి కూడా అడిగితే అది అన్యాయం. అడిగేవాళ్లు ఉన్నారు, నవ్వులాటకి చెప్పడం లేదు.

కాగితం మీద ఏముండాలి

కమిషన్ అయితే వాటా ఏ మొత్తం మీద, కోత ఏ ధరకి, సెటిల్‌మెంట్ ఏ రోజు, కస్టమర్‌కి పని నచ్చక మళ్లీ చేయాల్సి వస్తే మెటీరియల్ ఎవరిది, ఇంతే. ఇంకొకటి గమనించండి. టైము వాళ్లే పెట్టి, యూనిఫాం వేయించి, సెలవుకి పర్మిషన్ అడగమని, పేరుకి మాత్రం ఫ్రీలాన్సర్ అంటుంటే అది ఉద్యోగమే. పదిమంది, అంతకన్నా ఎక్కువ పనిచేసే చోట నెలకి 21,000 దాకా తీసుకునేవాళ్లకి ఈఎస్ఐ వర్తిస్తుంది, కమిషన్ అనే పేరు పెట్టి దాన్ని తప్పించుకునేవాళ్లు ఉన్నారు. ఈఎస్ఐ గురించి అడగండి, లేదంటే కనీసం మీ టైము మీ చేతిలో ఉంచమనండి.

కుర్చీ కిరాయి అయితే అన్నిటికన్నా పెద్ద ప్రమాదం ఓనర్ కూడా కిరాయిదారే కావడం. అతను షట్టర్ కిరాయి మూడు నెలలు కట్టకపోతే బిల్డింగ్ ఓనర్ తాళం వేస్తాడు, లోపల మీ ట్రాలీ, మీ మెషిన్లు, మీరిచ్చిన అడ్వాన్సు. అందుకని అతని కిరాయి అగ్రిమెంటు చూపించమని అడగండి, ఇంకా ఎన్నాళ్లుంది, వేరేవాళ్లకి ఇవ్వడానికి బిల్డింగ్ ఓనర్ ఒప్పుకున్నాడా అని చూడండి. చూపించడానికి నీళ్లు నమిలితే అక్కడ రెండు నెలల అడ్వాన్సు ఇవ్వొద్దు, ఒక నెలది చాలు. మీ సామాను లిస్టు రాసి ఇద్దరూ సంతకం చేయాలి. వదిలి పోవాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి, అడ్వాన్సు ఎన్ని రోజుల్లో తిరిగి ఇవ్వాలి అన్నది అంకెల్లో రాయించండి.

డబ్బు మీ సొంత క్యూఆర్ కోడ్‌కే రావాలి. "కౌంటర్‌లోనే తీసుకుంటాం, సాయంత్రం ఇచ్చేస్తాం" అని మొదలైతే అది వారానికోసారి అవుతుంది, తర్వాత కిరాయిలో కట్ చేసుకున్నాం అంటారు. ఇంకో సంగతి, కిరాయి కుర్చీలో కస్టమర్‌కి అలర్జీ వచ్చినా, జుట్టు కాలినా జవాబుదారీ మీరే, సెలూన్ పేరు అడ్డు రాదు. కలర్‌కి 48 గంటల ముందు చెవి వెనక ప్యాచ్ టెస్ట్ చేసి, తారీఖు అదే నోటుబుక్కులో రాసుకోవడం కమిషన్‌లో ఉన్నప్పుడు ఎవరూ పట్టించుకోరు, ఇక్కడ తప్పదు. మెటీరియల్ కూడా పెద్ద డబ్బాలు కొనొద్దు, మూత తీసిన కలర్ ట్యూబు గాలి తగిలి పాడవుతుంది, వారానికి సరిపడా కొంటే చాలు.

నోటుబుక్కు చూసుకుని కుర్చీయే తీసుకోవాలని తేల్చుకుంటే, మాట్లాడాల్సిన కాలం ఆషాఢం. ఓనర్లకి అప్పుడు కుర్చీలు ఖాళీగా కనపడుతుంటాయి, పదహారు చెప్పినవాళ్లు పదమూడుకి దిగుతారు, చెడ్డ నెలలకి సగం కిరాయి అన్న షరతుకి కూడా అప్పుడైతేనే ఒప్పుకుంటారు. అడ్వాన్సు అప్పుడే ఇచ్చి, కిరాయి మాత్రం శ్రావణం మొదటి రోజు నుంచి లెక్కపెట్టమనండి.